స్వేచ్ఛా పతనం లెక్కలు: g విలువ గురించి

గ్రూపు సభ్యులందరికీ నమస్కారం. నిన్న వచ్చిన ఫోటోల్లో 45 మీటర్ల ఎత్తు నుంచి రాయిని వదిలిన లెక్కకు ముగ్గురు మూడు జవాబులు పంపారు: నేలను తాకే వేగం 30, 29.7, 29.4 మీ/సె.

మొదటి రెండూ సరైనవే. v² = 2gh లో g = 10 మీ/సె² వేస్తే 30, g = 9.8 వేస్తే 29.7 వస్తుంది. మూడోది మాత్రం తప్పు, అయితే పొరపాటు సూత్రంలో లేదు. g = 9.8 తో కాలం 3.03 సెకన్లు వస్తే దాన్ని మధ్యలోనే 3 గా సవరించి, ఆపై v = gt లో వేసినందువల్ల వేగం 29.4కు తగ్గింది.

g విలువ సాధారణంగా అభ్యాసం మొదట్లో ఒక్కసారే ఉంటుంది, ఫోటోలో కత్తిరించేది సరిగ్గా ఆ వరుసనే! అది దొరకనప్పుడు ఎత్తును చూడండి: 20, 45, 80 మీటర్లయితే 10తోనూ, 19.6, 44.1, 78.4 అయితే 9.8తోనూ కాలం పూర్ణాంకంగా వస్తుంది. ఇది ఆనవాలు మాత్రమే. ప్రశ్నలో విలువ ఇచ్చి ఉంటే అదే వాడాలి.

శనివారం రాత్రి 8 గంటలలోపు అందరూ ఈ లెక్కను మళ్లీ చేసి పంపగలరు. మొదటి వరుసలో మీరు తీసుకున్న g రాయండి, మధ్యలో కనీసం మూడు దశాంశ స్థానాలు ఉంచి, చివరి జవాబును మాత్రమే సవరించండి.

మరో మాట: ఫోటోలో పేజీ పైభాగం కూడా పడేలా చూడండి.