వార్షిక నివేదిక: వెనక్కి వచ్చిన పార్సిళ్ల లెక్క

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశం, సభ్యత్వాల రెన్యువల్ ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది మన సమయమంతా ఒక్క విషయానికే పోయింది. క్యాష్ ఆన్ డెలివరీ మీద పంపిన చీరలు తలుపు దాకా వెళ్లి, వద్దనిపించుకుని తిరిగి రావడం.

మంగళగిరి చీరలు అమ్మే ఒక సభ్యురాలి పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాం. చీర అమ్ముడైతే ఖర్చులన్నీ పోను ఆమెకు 250 రూపాయలు మిగులుతుంది. అదే వెనక్కి వస్తే వెళ్లేటప్పుడు 75, వచ్చేటప్పుడు 65, ప్యాకింగ్‌కి 15, మొత్తం 155 చేతి నుంచి పోతాయి. పది పంపితే మూడు వెనక్కి వచ్చేవి. ఏడింటి మీద వచ్చిన 1,750లో 465 రిటర్నులకే సరి. దసరా ముందు పంపిన చీర పండగ దాటాక, మడత చెదిరి తిరిగొస్తే పోయే బేరం ఈ లెక్కలోకి రానే లేదు.

ఆమె చేత చేయించిన మార్పు ఒకటే. ఆర్డర్ రాగానే వంద రూపాయలు యూపీఐలో అడ్వాన్స్, మిగతాది డెలివరీకి. పార్సిల్ వద్దంటే అడ్వాన్స్ తిరిగి ఇవ్వబోమని ఆర్డర్ తీసుకునేటప్పుడే వాట్సాప్‌లో రాసి పెట్టాలి, చీర పాడై వస్తే మాత్రం మొత్తం ఇచ్చేయాలి. ఆర్డర్లు తగ్గుతాయని ఆమె భయపడింది. తగ్గాయి కూడా, పదికి ఎనిమిదే వచ్చాయి. కానీ ఏడుగురు తీసుకున్నారు, ఒక్కటే తిరిగొచ్చింది. దాని నష్టంలో అడ్వాన్స్ పోను 55 మాత్రమే పడింది. చేతికి 1,285 బదులు 1,695 మిగిలింది. కొత్త కస్టమర్లే ఎక్కువగా ఉన్నవాళ్లకు అడ్వాన్స్ అడగడం కష్టమే. వాళ్లు కనీసం పంపే ముందు ఫోన్ చేసి, చీర రంగు, ఇవ్వాల్సిన డబ్బు, ఇంటి గుర్తు మరోసారి చెప్పించుకోవాలి. ఫోన్ ఎత్తని ఆర్డర్‌ని పంపకండి.

ఇక కొరియర్ వాళ్ల సంగతి. ‘కస్టమర్ వద్దన్నారు’ అని ప్యానెల్‌లో కనిపించిన ప్రతి పార్సిలూ నిజంగా వద్దన్నది కాదు. ఒక సభ్యుడు ఆ సాయంత్రమే కస్టమర్‌కి ఫోన్ చేస్తే, “నాకసలు ఎవరూ ఫోన్ చెయ్యలేదండీ, పొద్దుటి నుంచీ ఇంట్లోనే ఉన్నా” అన్నారు. చిరునామాలో ‘రామాలయం దగ్గర’ అని తప్ప డోర్ నంబర్ లేదు. కస్టమర్ పంపిన మెసేజ్ స్క్రీన్‌షాట్ జతచేసి మళ్లీ డెలివరీ అడిగితే మర్నాడే అందింది. అందుకే డెలివరీ కాలేదన్న సమాచారం వచ్చిన రోజే చూడాలి. రిటర్న్‌కి బుక్ అయిపోయాక సాధారణంగా ఆపలేం.

తిరిగొచ్చిన పార్సిల్‌ని వీడియో తీస్తూనే విప్పండి. లోపల వేరే చీర ఉంటే క్లెయిమ్‌కి అదే ఆధారం. క్లెయిమ్ గడువు ఒక్కో కొరియర్‌కి ఒక్కోలా ఉంది, మీ ఒప్పందంలో చూసుకోండి.

వచ్చే నెల నుంచి ప్రతి సభ్యుడూ తిరిగొచ్చిన పార్సిళ్లను పిన్‌కోడ్ వారీగా రాసి సంఘానికి ఇవ్వాలని కమిటీ కోరుతోంది.