కళ్ళకలక: చుక్కల మందు వేసే ముందు చదవండి

అందరికీ నమస్కారం. మన పిల్లల్లో కొందరికి కళ్ళకలక వచ్చింది. ఒకరికి రాసిచ్చిన చుక్కలు ఇంకొకరికి వేయకండి, ఎందుకంటే అన్ని కళ్ళకలకలూ ఒకటి కావు.

ఎక్కువగా వచ్చేది వైరస్ వల్ల. ముందు ఒక కన్ను ఎర్రబడి నీళ్ళు కారుతుంది, ఒకట్రెండు రోజుల్లో రెండోదానికీ అంటుకుంటుంది. తరచూ జలుబు కూడా ఉంటుంది. దీనికి యాంటీబయోటిక్ పనిచేయదు. చల్లటి తడిగుడ్డ, కన్నీటి చుక్కలు చాలు. తగ్గడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది.

పొద్దున రెప్పలు అతుక్కుంటే బ్యాక్టీరియానే అనుకోకండి, వైరస్‌లోనూ అతుక్కుంటాయి. తుడిచిన కాసేపటికే చిక్కటి పసుపు పుసి మళ్ళీ వస్తుంటే బ్యాక్టీరియా కావచ్చు. డాక్టర్ యాంటీబయోటిక్ చుక్కలు రాస్తారు.

రెండు కళ్ళూ విపరీతంగా దురద పెడుతూ, తుమ్ములు కూడా ఉంటే అలర్జీ. ఇది అంటదు. అలర్జీ చుక్కలతో తగ్గుతుంది.

స్టెరాయిడ్ చుక్కలు సొంతంగా అస్సలు వద్దు. హెర్పిస్ వైరస్ అయితే నల్లగుడ్డు దెబ్బతింటుంది.

నొప్పి, మసక, వెలుతురు చూడలేకపోవడం ఉన్నా, కాంటాక్ట్ లెన్స్ వాడేవారైనా, నెలల పసిపాపైనా ఈరోజే కంటి డాక్టర్‌కు చూపించండి.

గుర్తుంచుకోండి: తువ్వాలు, దిండు గలీబు వేరుగా ఉంచండి. కన్ను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగండి. నీరు కారుతున్నంత వరకు పిల్లల్ని ఆటలకు పంపకండి.