పైసల తేడా: మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌పై ఫిర్యాదు

కస్టమర్ సేవల మేనేజర్ గారికి,

విషయం: కౌంటర్‌లో ప్రింటయ్యే బిల్లుకీ, అదే బిల్లు ఇన్‌వాయిస్ పీడీఎఫ్‌కీ జీఎస్టీలో తేడా రావడం.

అయ్యా,

మిర్యాలగూడలో నాకు ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది. బిల్లులన్నీ మీ సాఫ్ట్‌వేర్‌లోనే కొడుతున్నాం. ఒక కాంట్రాక్టర్ గారు మేమిచ్చిన కాగితం బిల్లునూ, మెయిల్‌లో పంపిన పీడీఎఫ్‌నూ పక్కపక్కన పెట్టి, రెండింట్లో పన్ను వేరుగా ఉందేమిటని అడిగారు. నాలుగు పైసలే. కానీ ఒకే నంబరున్న బిల్లులో రెండు లెక్కలుంటే ఆయన దేన్ని నమ్మాలి?

ఆ బిల్లులో టేపులు రూ. 37.50, హోల్డర్లు 62.50, స్విచ్‌లు 87.50, సాకెట్లు 112.50. పన్ను లేకుండా మొత్తం సరిగ్గా రూ. 300. అన్నిటికీ సీజీఎస్టీ 9 శాతం, ఎస్‌జీఎస్టీ 9 శాతం. పీడీఎఫ్ మొత్తం మీద ఒకేసారి లెక్కగట్టి ఒక్కోటి రూ. 27.00 అని చూపింది. కాగితం బిల్లు మాత్రం ఒక్కో సామానుకు విడిగా లెక్కగట్టి, అక్కడికక్కడే పైసలకు సవరించింది. టేపుల మీద సీజీఎస్టీ 3.375 రావాలి, దాన్ని 3.38 చేసింది. మిగతావి 5.63, 7.88, 10.13 అయ్యాయి. కూడితే 27.02. ఎస్‌జీఎస్టీలోనూ ఇంతే. అందుకే ఒకచోట రూ. 354.00, ఇంకోచోట 354.04.

ఒక్క సామానే ఉన్న బిల్లుల్లో ఈ తేడా రావడం లేదు. పన్ను సరిగ్గా పైసలతో తెగిపోయినప్పుడు, ఎన్ని సామాన్లున్నా రావడం లేదు. కాబట్టి పన్ను రేటులో తప్పు లేదు, ముందు సవరించి కూడుతున్నారా, కూడి సవరిస్తున్నారా అన్నదే సమస్య.

మీ సపోర్ట్ వాళ్లకు ఫోన్ చేస్తే 'రౌండాఫ్ ఆన్ చేయండి' అన్నారు. చేశాను. రెండు బిల్లులూ రూ. 354 చూపిస్తున్నాయి. అయితే పన్ను గడుల్లో 27.02, 27.00 అలాగే ఉన్నాయి. తేడా పోలేదు, అడుగున దాక్కుంది. పైగా ఒక లెక్క 353.48, ఇంకోటి 353.52 వచ్చిన రోజు, నాలుగు పైసలు కాస్తా రూపాయి అవుతుంది. జీఎస్టీ చట్టం సెక్షన్ 170 పన్నును దగ్గరి రూపాయికి సవరించడం గురించి చెబుతుంది. ఒకే బిల్లుకు మీరు రెండు పన్నులు చూపడానికి అది సమాధానం కాదు. జీఎస్‌టీఆర్-1 కోసం మీ సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఫైల్‌లో 27.00 ఉంది, కస్టమర్ చేతిలోని కాగితంలో 27.02 ఉంది. నెలాఖరున మా అకౌంటెంట్ వీటిని ఒక్కొక్కటిగా వెతుక్కుంటున్నారు.

నేను కోరేది ఇది. ఒకే పన్ను రేటున్న సామాన్లన్నీ ముందు కూడి, ఆ మొత్తం మీద పన్ను లెక్కగట్టి, చివర్లో ఒక్కసారే సవరించండి. బిల్లు సేవ్ చేసినప్పుడు వచ్చిన అంకెనే భద్రపరిచి, కాగితం, పీడీఎఫ్, రిటర్న్ ఫైల్ మూడూ దాన్నే చూపాలి. ఏదీ మళ్లీ సొంతంగా లెక్కగట్టకూడదు. ఇప్పటికే ఇచ్చేసిన బిల్లుల అంకెలను మాత్రం అప్‌డేట్‌తో మార్చకండి. వాటిలో తేడా ఉన్నవాటి జాబితా తీసుకునే వీలు కల్పిస్తే చాలు.

ఆ బిల్లు రెండు కాపీలూ జతచేస్తున్నాను. ఈ నెల రిటర్న్ వేసేలోగా రాతపూర్వకంగా జవాబివ్వగలరు.

ఇట్లు,
ఎలక్ట్రికల్ దుకాణం యజమాని,
మిర్యాలగూడ, నల్గొండ జిల్లా