బావమరిది పేరు ఆ జాబితాలో ఉండదు

ఒరేయ్ శీనూ,

నీ రెండు ఆఫర్ లెటర్లూ చదివాను. జీతాల్లో పెద్ద తేడా లేదు కాబట్టి ఆ సంగతి వదిలెయ్. నువ్వడిగింది వేరే: కుటుంబం చేతిలో ఉన్న ఆ గ్రూపులో చేరాలా, గచ్చిబౌలిలోని ఆ విదేశీ కంపెనీ సెంటర్‌లో చేరాలా, ప్రమోషన్లు ఎక్కడ న్యాయంగా వస్తాయి అని. "షావుకార్ల కింద పని మనకొద్దు" అని మీ నాన్నగారు అన్నారట. ఆయన మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదు. కానీ కంపెనీ సెక్రటరీల ఆఫీసుల్లో ఇన్నేళ్లు కాగితాలు మోసినవాణ్ణి, నాకు కాగితం చూడందే మనసొప్పదు.

ముందు ఒక పని చెయ్. ఆ గ్రూపులో నువ్వు చేరబోయే కంపెనీ లిస్టెడ్ కదా, దాని షేరు ఒక్కటి కొను. కొన్నాక కంపెనీ సెక్రటరీకి ఒక మెయిల్ పెట్టు: "కంపెనీల చట్టం జీతాల నిబంధనల్లోని రూల్ 5 కింద ఉద్యోగుల వివరాల స్టేట్‌మెంట్ పంపండి" అని. వార్షిక నివేదికతో పాటు ఇది చాలాసార్లు పంపరు, అడిగిన వాటాదారుడికి ఇస్తామని ఒక వాక్యం రాసి ఊరుకుంటారు. అడిగేవాడే ఉండడు. కంపెనీలో ఎక్కువ జీతం తీసుకునే పదిమంది పేర్లు, ఏడాదికి కోటీ రెండు లక్షలు, ఆపైన తీసుకునేవాళ్ల పేర్లు అందులో ఉంటాయి. పేరు పక్కనే హోదా, వయసు, ఎప్పుడు చేరాడు, అంతకుముందు ఎక్కడ పనిచేశాడు, డైరెక్టర్లలో ఎవరికైనా బంధువా అన్నవి కూడా ఉంటాయి.

చేరిన తేదీ, వయసు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, సగం కథ తెలిసిపోతుంది. యాభై ఏళ్లవాడు ముప్పైల్లోనే చేరి ఇప్పుడు ఆ జాబితాలో ఉన్నాడంటే లోపలివాళ్లు పైకి వస్తున్నారన్నమాట. పదిమందిలో ఎనిమిది మంది ఈ మూడేళ్లలోనే బయటినుంచి వచ్చినవాళ్లయితే, నీలాంటివాడు మధ్యలో ఆగిపోతాడు, పైన కుర్చీ ఖాళీ అయినప్పుడల్లా కొత్త ముఖం వస్తుంది. ముప్పై ఏళ్లవాడు, "అంతకుముందు ఉద్యోగం" దగ్గర ఖాళీ గీత, బంధువా అన్నచోట "అవును" ఉంటే, ఇక నేను చెప్పేదేముంది!

అయితే ఈ "బంధువు" దగ్గర ఒక తిరకాసు ఉంది. కంపెనీల చట్టం ప్రకారం బంధువు అంటే భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అవిభక్త కుటుంబ సభ్యులు. అంతే. బావమరిది లేడు, మేనల్లుడు లేడు, తోడల్లుడు లేడు. మన వైపు కుటుంబ కంపెనీల్లో కొనుగోళ్ల విభాగం ఎవరి చేతిలో ఉంటుందో నీకు వేరే చెప్పాలా? నెలకు రెండున్నర లక్షలు దాటిన జీతంతో చైర్మన్ అల్లుణ్ణి ఉద్యోగంలో పెట్టాలంటే వాటాదార్ల ఆమోదం దాకా వెళ్లాల్సి రావచ్చు. బావమరిదికి ఆ బాధ లేదు. కాబట్టి జాబితాలో "బంధువులు కారు" అని కనిపించినా నమ్మకు. ఆ కంపెనీలో పనిచేసి మానేసిన ఒకరిద్దరిని పట్టుకుని, చైర్మన్ ఇంట్లో శుభకార్యానికి ఎవరు ముందు వరసలో కూర్చుంటారో అడుగు. నేను జోక్ చెయ్యడం లేదు.

కుటుంబ కంపెనీని ఎవరూ ప్రశ్నించరు అనే మాట మాత్రం పాతబడిపోయింది. 2021 ఆగస్టులో ఐషర్ మోటార్స్, అదే మన బుల్లెట్ బండ్ల కంపెనీ, సిద్ధార్థ లాల్‌ను మళ్లీ ఎండీగా నియమించే తీర్మానం పెట్టింది. జీతం పెంపు ఎక్కువన్నది కొందరు వాటాదార్ల అభ్యంతరం. నెగ్గాలంటే 75 శాతం ఓట్లు కావాలి, 73 దగ్గర ఆగిపోయింది. ప్రమోటరే ఓడిపోయాడు! తర్వాత జీతానికి ఇంకా గట్టి పరిమితి పెట్టి మళ్లీ వాటాదార్ల ముందుకు వెళ్తే గానీ పని కాలేదు. అంతా బాగుంది. కానీ ఓటు పడింది యజమాని జీతం మీద. నువ్వు జీఎం నుంచి వైస్ ప్రెసిడెంట్ అవుతావా లేదా అన్నది ఏ వాటాదారుడూ ఓటుకి పెట్టడు. గవర్నెన్స్ మంచిదైతే ప్రమోషన్లూ న్యాయంగానే ఉంటాయని నువ్వు రెండిటినీ కలిపేస్తున్నావు, అందుకే ఇంత చెబుతున్నాను.

ఇక విదేశీ కంపెనీ. వాళ్ల ప్రవర్తనా నియమావళి, ఫిర్యాదు చెయ్యడానికి హాట్‌లైన్ నంబరు, మెరిసే కరపత్రాలు చూసి పడిపోకు. ప్రమోటర్ అనే మాట అక్కడ వినపడకపోయినా మాతృసంస్థ ఉంటుంది. 2024లో నెస్లే ఇండియా, స్విట్జర్లాండ్‌లోని మాతృసంస్థకు కట్టే రాయల్టీని అమ్మకాల్లో 4.5 శాతం నుంచి ఐదేళ్లలో 5.25కి పెంచాలంది. అలాంటి లావాదేవీకి మాతృసంస్థ తనకు తాను ఓటేసుకోకూడదు కాబట్టి మిగతావాళ్లు తేల్చారు. పడిన ఓట్లలో 57 శాతం వద్దన్నాయి, రాయల్టీ 4.5 దగ్గరే ఉండిపోయింది. అది లిస్టెడ్ కాబట్టి మనకు తెలిసింది. నీ గచ్చిబౌలి సెంటర్ ప్రైవేట్ లిమిటెడ్, వాటాలన్నీ మాతృసంస్థవే. రూల్ 5 జాబితా ఉండదు, ఓటూ ఉండదు. (నీ లెటర్లో "డైరెక్టర్" అని ఉంది చూశావా, అది బోర్డు డైరెక్టర్ కాదు, ఒక గ్రేడు పేరు. పిన్నికి ముందే చెప్పు, లేకపోతే ఊరంతా చాటేస్తుంది.)

అక్కడ ప్రమోషన్ ఎలా తేలుతుందంటే, నీ మేనేజర్ నీ పేరు పంపుతాడు, తర్వాత కాలిబ్రేషన్ మీటింగ్ అని పెడతారు. ఒక గ్రేడులో పన్నెండు మంది పేర్లు వచ్చాయనుకో, బడ్జెట్‌లో మూడే స్లాట్లు ఉంటే మూడే. నీ పని ఎన్నడూ చూడనివాడు, రాత్రి తొమ్మిదింటి కాల్‌లో కూర్చుని, "ఇతనికి ఈ స్థాయి స్కోప్ ఉందా?" అంటాడు. ఆ క్షణంలో నీ మేనేజర్ నోరు విప్పాలి. అతను ఆ కాల్‌లో కొత్తవాడైనా, ఏడాది మధ్యలో మారిపోయినా నీ పేరు వచ్చే ఏడాదికి పోతుంది. ఇందులో ఇంటిపేరు చూసేవాడు లేడు, నిజమే. కానీ స్కోప్, అంటే నీ చేతిలో ఉన్న పని పరిధి, పోస్టు ఎక్కడుందో దాన్ని బట్టి ఉంటుంది. నీ పై పోస్టు డబ్లిన్‌లోనో డాలస్‌లోనో ఉంటే, నువ్వెంత చేసినా హైదరాబాద్‌లో ఆ మెట్టే లేదు.

అందుకని వాళ్ల హెచ్‌ఆర్‌ని ఒక్కటే అడుగు: గత మూడేళ్లలో, హైదరాబాద్‌లోనే ఉంటూ, ఫైనాన్స్‌లో నీ గ్రేడు నుంచి పై గ్రేడుకి ఎంతమంది వెళ్లారు? అంకె చెప్పకుండా "మా దగ్గర అవకాశాలు చాలా ఉన్నాయి" అంటే, అదే సమాధానమనుకో.

నా లెక్క ఇదీ. నీకు నలభై రెండు, పిల్లల చదువుల కోసం హైదరాబాద్ వదలనంటున్నావు. ఆ కుటుంబ గ్రూపులో ఎండీ కుర్చీ నీకు ఎప్పటికీ రాదు, అది వాళ్ల రెండో అబ్బాయిది. కానీ నువ్వు చూస్తున్నది సీఎఫ్ఓ కుర్చీ. ఇప్పటి సీఎఫ్ఓ బయటివాడా, లోపల పెరిగినవాడా, ఏ వయసులో చేరాడు అన్నది ఆ స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. లోపలినుంచి వచ్చినవాడైతే నేను నిన్ను ఆ గ్రూపుకే వెళ్లమంటాను, మీ నాన్నగారితో నేను మాట్లాడతాను. వరసగా ఇద్దరు సీఎఫ్ఓలు రెండేళ్లకే మానేశారని తేలితే మాత్రం గచ్చిబౌలే నయం, కనీసం అక్కడ పీఎఫ్, బోనస్ టైముకి పడతాయి.

మెయిల్‌లో నీ ఫోలియో నంబరో డీమ్యాట్ క్లయింట్ ఐడీయో రాయడం మర్చిపోకు, లేదంటే పక్కన పడేస్తారు. స్టేట్‌మెంట్ రాగానే నాకు పంపు, కూర్చుని చూద్దాం. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ,
రమణ