కరెంటు పోగానే రైజింగ్ మెయిన్‌లో దెబ్బ: ఇకపై సర్జ్ లెక్క లేకుండా కొటేషన్ ఇవ్వం

“కరెంటు పోయినప్పుడల్లా పంపుహౌస్‌లో దబ్బుమని మోత వస్తోంది. ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో ఎక్కడో ఒక జాయింటు కారుతోంది. పాత స్టార్టర్ తీసేసి వీఎఫ్‌డీ పెట్టిస్తే పోతుందా?”

పోదు. వీఎఫ్‌డీ అమ్మితే మాకు మార్జిన్ బాగానే మిగులుతుంది, అయినా ఈ జబ్బుకి అది మందు కాదు. వీఎఫ్‌డీ గానీ సాఫ్ట్ స్టార్టర్ గానీ మీరు బటన్ నొక్కి ఆపినప్పుడు పంపును మెల్లగా దింపుతాయి. ఫీడరే ట్రిప్ అయితే వాటికి మోటారు తిప్పడానికి కరెంటు ఎక్కడిది? పంపు తన బరువు మీద ఒకటి రెండు సెకన్లు తిరిగి ఆగిపోతుంది. వాటర్ హ్యామర్ అనే అసలు దెబ్బ అక్కడే మొదలవుతుంది. అందుకే పంపు నుంచి ట్యాంకుకి నీరెక్కించే లైను, అంటే రైజింగ్ మెయిన్, కిలోమీటరు దాటితే ఇకపై సర్జ్ లెక్క, అంటే పంపు ఆగినప్పుడు ప్రెషర్ ఎలా ఊగుతుందో చూసే లెక్క, చేయకుండా సామాను లిస్టు పంపం. ఆ లెక్కలో ఏముంటుందో, దానికి విడిగా డబ్బులు ఎందుకు అడుగుతున్నామో మీకు తెలియాలి.

క్యాంపస్ పనుల్లో మామూలుగా ఎదురయ్యే కొలతలతోనే ఒక లైను అనుకుందాం. హాస్టళ్లతో కలిపి 6,000 మంది. తలకి రోజుకి 135 లీటర్లు వేస్తే 8.1 లక్షల లీటర్లు. పది గంటలు పంపు చేస్తే సెకనుకి 22.5 లీటర్లు. సంపు నుంచి గుట్ట మీది ట్యాంకు దాకా 3,200 మీటర్లు, 200 ఎంఎం డీఐ కే9 ఇనుప పైపు. ట్యాంకు పంపు కన్నా 48 మీటర్ల ఎత్తున ఉంది, రాపిడి నష్టం ఇంకో 8 మీటర్లు. అంటే పంపు నడుస్తున్నప్పుడు డెలివరీ గేజి చదరపు సెంటీమీటరుకి 5.6 కేజీలు చూపిస్తుంది. పైపులో నీటి వేగం సెకనుకి 0.72 మీటర్లు. ఇంత తక్కువ వేగానికి ఏమవుతుందిలే అని చాలామంది అనుకునేది ఇక్కడే.

నీరు ఒక్కసారిగా ఆగితే ప్రెషర్ ఎంత మారుతుందో చెప్పే సూత్రం 1898లో జుకోవ్‌స్కీ ప్రచురించినదే, ఇప్పటికీ అదే వాడతాం.

```
dH = a × V / g = 1200 × 0.72 / 9.81 = 88 m
T  = 2 × L / a = 2 × 3200 / 1200 = 5.3 s
```

ఇందులో a అంటే ప్రెషర్ అల పైపులో పరుగెత్తే వేగం. డీఐ పైపులో అది సెకనుకి సుమారు 1,200 మీటర్లు. అల ట్యాంకు దాకా వెళ్లి తిరిగి రావడానికి 5.3 సెకన్లు పడుతుంది. పంపు ఒకటి రెండు సెకన్లలోనే ఆగిపోతోంది కాబట్టి పూర్తి 88 మీటర్లు, అంటే 8.8 కేజీలు లెక్కలోకి వస్తుంది.

పంపు ఆగినప్పుడు మొదట పెరిగేది కాదు, పడిపోయేది ప్రెషర్. 5.6 కేజీల నుంచి 8.8 తగ్గడం సాధ్యం కాదు. సున్నా కిందికి ఇంకో కేజీ దాకా దిగితే పూర్తి వాక్యూమే. మన లైనులో 1,900 మీటర్ల దగ్గర ఒక గట్టు ఉందనుకోండి, పంపు కన్నా 41 మీటర్ల ఎత్తు. పంపు నడుస్తున్నప్పుడు అక్కడ ప్రెషర్ కేవలం ఒక కేజీ. కరెంటు పోయిన 1.6 సెకన్లకి అల అక్కడికి చేరగానే నీరు రెండుగా తెగి, మధ్యలో ఆవిరి ఖాళీ ఏర్పడుతుంది. గట్టు అవతలి 1,300 మీటర్ల నీరు కొంత ముందుకే పోయి, నెమ్మదించి, ట్యాంకు బరువుకి వెనక్కి తిరుగుతుంది. ఖాళీ మహా అయితే యాభై లీటర్లు. కానీ అది మూసుకునేటప్పుడు, కదలకుండా ఉన్న ఇవతలి నీటిని అవతలి నీరు ఢీకొడుతుంది. ఆ అల కిందికి వచ్చి, పంపులోకి నీరు వెనక్కి రాకుండా మూసుకున్న ఎన్‌ఆర్‌వీ వాల్వు దగ్గర రెట్టింపు అవుతుంది. చేతి లెక్కకే అక్కడ 11 కేజీలు వస్తోంది.

కాబట్టి మోత ఎప్పుడు వస్తుందో వాచీ చూసి చెప్పండి. కరెంటు పోయిన రెండు మూడు సెకన్లలో ఠంగుమంటే అది ఎన్‌ఆర్‌వీ పలక కొట్టుకోవడం. పది సెకన్లు అటూ ఇటూగా దబ్బుమని నేల అదిరితే అది తెగిన నీరు మళ్లీ కలవడం. రెండింటికీ మందులు వేరు.

కే9 పైపు 11 కేజీలకి పగలదు, దాని సత్తా అంతకు చాలా ఎక్కువ. విరిగేవి మిగతావి. 10 కేజీల రేటింగు స్లూయిస్ వాల్వులు, ఎన్‌ఆర్‌వీ పిన్ను, వంపుల దగ్గర త్రస్ట్ బ్లాకులు. 90 డిగ్రీల వంపు మీద మామూలుగా మూడు టన్నుల పైన తోపుడు ఉంటే, 11 కేజీల దగ్గర అది ఆరు టన్నులు దాటుతుంది. బ్లాకు మూడు నాలుగు మిల్లీమీటర్లు జరిగినా జాయింటు కారడం మొదలవుతుంది. అంతకన్నా మాకు భయం వాక్యూమే. రబ్బరు రింగు లోపలి ప్రెషర్‌కి బిగుసుకునేలా చేసింది. బయటి నుంచి పీల్చినప్పుడు అంత గట్టిగా పట్టదు. కారి తడిసిన మట్టిలోని నీరు తాగునీటి లైనులోకి వస్తుంది. హాస్టల్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యేదాకా అది ఎవరికీ కనిపించదు.

హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు వేస్తే ఈ గొడవే ఉండదు కదా అనేవాళ్లున్నారు. అందులో అల వేగం 250-300 మీటర్లే, దెబ్బ 20 మీటర్ల దగ్గర ఆగుతుంది, నిజమే. కానీ మన గట్టు మీద ఉన్నదే 10 మీటర్లు. 20 పోతే అక్కడ మళ్లీ వాక్యూమే. గట్టును పైపు మార్చి తప్పించుకోలేం.

సర్జ్ రిలీఫ్ వాల్వు ఒక్కటే పెట్టమని అడిగేవాళ్లకీ ఇదే జవాబు. అది పెరిగిన ప్రెషర్‌ని వదిలేస్తుంది గానీ, పడిపోయినదాన్ని నిలబెట్టదు. నీటి వేగం సున్నా అయ్యేసరికి మూసుకునే జీరో వెలాసిటీ వాల్వులు మన ఎత్తిపోతల లైన్లలో బాగానే పనిచేస్తాయి, పొడవైన పెద్ద లైను అయితే వాటిని కూడా లెక్కలో పెట్టి చూస్తాం. ఈ సైజుకి మేం ముందు చూసేది ఎన్‌ఆర్‌వీ దాటిన వెంటనే బ్లాడర్ సర్జ్ వెస్సెల్, అంటే లోపల రబ్బరు సంచిలో గాలి నింపిన ట్యాంకు. పంపు ఆగగానే అది లైనులోకి నీరు నెట్టి, రెండు సెకన్ల ఆగడాన్ని అర నిమిషానికి సాగదీస్తుంది.

దాని సైజు ఎలా వస్తుందంటే, గట్టు దగ్గర ప్రెషర్ సున్నా కిందికి పోకూడదు. అందుకు పంపు దగ్గర 3.6 కేజీల కిందికి దిగనివ్వకూడదు. కదులుతున్న నీటి శక్తిని లోపలి గాలి, రాపిడి కలిసి మింగాలి. లెక్క వేస్తే నడుస్తున్నప్పుడు గాలి సుమారు 1.1 ఘనపు మీటరు కావాలి. అది వ్యాకోచించి లైనులోకి నెట్టే నీరు 370 లీటర్లు. వెస్సెల్‌లో నీరు పూర్తిగా ఖాళీ కాకుండా మార్జిన్ కలిపితే 2,000 లీటర్ల వెస్సెల్, ప్రీఛార్జి, అంటే నీరు రాకముందే నింపే గాలి ప్రెషర్, 2.6 కేజీలు. ఇది చేతి లెక్క. ఆర్డర్ పెట్టే ముందు క్యారెక్టరిస్టిక్స్ పద్ధతిలో కంప్యూటర్ మీద నడిపి, లైను పొడవునా కనిష్ఠ ప్రెషర్ గీత భూమి గీతకి పైనే ఉందా అని చూస్తాం. ఈపానెట్‌లో చేశాం అని ఎవరైనా రిపోర్టు ఇస్తే నమ్మకండి. అది నెట్‌వర్క్ ప్రవాహాలకి మంచి ప్రోగ్రామే, కానీ వాటర్ హ్యామర్ దాని పని కాదు.

వెస్సెల్ పెట్టాక ఎన్‌ఆర్‌వీ కూడా మార్చాలి. దీన్ని కొటేషన్లో కొట్టేసే క్లయింట్లు ఎక్కువ, దయచేసి కొట్టేయకండి. వెస్సెల్ పక్కనే ఉంటుంది కాబట్టి పంపు ఆగగానే నీరు వెంటనే వెనక్కి తన్నుతుంది. మామూలు స్వింగ్ ఎన్‌ఆర్‌వీ పలక సగం దూరం వచ్చేసరికే వెనక ప్రవాహం పుంజుకుని దాన్ని సీటుకేసి కొడుతుంది. పాత మోత పోయి కొత్త మోత వస్తుంది. స్ప్రింగు ఉన్న నాజిల్ రకం గానీ డ్యూయల్ ప్లేట్ గానీ వేయాలి.

గట్టు మీద ఎయిర్ వాల్వు ఎలాగూ ఉండాలి, లైను నింపడానికి, ఖాళీ చేయడానికి. కానీ పెద్ద రంధ్రం ఉన్న మామూలు వాల్వు పీల్చిన గాలిని ఒక్కసారిగా వదిలేసి ఠప్పున మూసుకుంటుంది, అది ఇంకో దెబ్బ. చివర్లో గాలిని మెల్లగా వదిలే యాంటీ-స్లామ్ రకం తీసుకోండి. వాల్వు ఉన్న గుంత వానకి నిండిపోతే, పీల్చేది గాలి కాదు, ఆ గుంత నీరే. వాల్వు మూతికి పైపు తగిలించి నేల మీదికి తేవాలి, లేదా గుంతకి డ్రెయిన్ ఉండాలి.

కరెంటు తిరిగి రాగానే ఆటో స్టార్ట్ కావడం కూడా ఆపాలి. అలలు ఇంకా అటూ ఇటూ ఊగుతుండగా పంపు ఎక్కితే దెబ్బ మీద దెబ్బ. ప్యానెల్లో ఐదు నిమిషాల టైమర్ చాలు. ట్యాంకు దగ్గర లీవరు తిప్పే బటర్‌ఫ్లై వాల్వు ఉంటే గేర్‌బాక్స్ పెట్టించండి. వాల్వు ప్రవాహాన్ని నిజంగా కోసేది చివరి కొద్ది భాగంలోనే. అందుకే ‘పది సెకన్లు తీసుకుని మూశాం’ అన్నా, పని అంతా చివరి రెండు సెకన్లలో జరిగిపోతుంది.

వెస్సెల్ పెట్టి మరిచిపోతే రెండేళ్లలో అది ఉత్త డ్రమ్ము. ఆరు నెలలకోసారి ప్రీఛార్జి చూడాలి. చూసే పద్ధతిలోనే చాలామంది తప్పు చేస్తారు. లైను మీద ఉండగా గేజి పెడితే 5.6 కేజీలు చూపిస్తుంది, బ్లాడర్‌లో గాలి చాలావరకు పోయినా అదే చూపిస్తుంది, ఎందుకంటే అది లైను ప్రెషరే. ముందు ఐసొలేషన్ వాల్వు మూసి, కింది డ్రెయిన్ తెరిచి నీరంతా పోనివ్వాలి. అప్పుడు పై నాజిల్ దగ్గర 2.6 రావాలి. నాజిల్ నొక్కినప్పుడు గాలికి బదులు నీరు చిమ్మితే బ్లాడర్ చిరిగినట్టే. పని అయ్యాక ఐసొలేషన్ వాల్వు పూర్తిగా తెరిచి గొలుసు, తాళం వేయండి. అది మూసి ఉన్న వెస్సెల్‌కి, అసలు లేని వెస్సెల్‌కి తేడా లేదు.

పని అప్పగించే రోజు మీ ముందే, పంపు ఫుల్ లోడు మీద ఉండగా ప్యానెల్ మెయిన్ దించుతాం. సెకనుకి వంద రీడింగులు తీసే లాగర్ పంపు దగ్గర ఒకటి, గట్టు మీద ఒకటి పెడతాం. ముల్లు గేజి ఇంత వేగం అందుకోలేదు. స్కాడాలో నిమిషానికో రీడింగు అంటే ఈ కథ మొత్తం రెండు రీడింగుల మధ్యే అయిపోతుంది. గట్టు దగ్గర ప్రెషర్ సున్నా కిందికి పోతే ఆఖరి బిల్లు ఆపేయండి.

లెక్క మొదలుపెట్టడానికి మీ దగ్గర నుంచి కావలసినవి: 50 మీటర్లకొక లెవెల్‌తో లైను సర్వే, పైపు రకం, క్లాసు, పంపు కర్వు, మోటారు నేమ్‌ప్లేట్ ఫొటో, ఇప్పుడున్న వాల్వుల రేటింగులు. కాంట్రాక్టరు ఇచ్చిన పాత డ్రాయింగులో రెండు చివర్ల లెవెల్స్ మాత్రమే ఉండి మధ్యలో సరళరేఖ గీసి ఉంటే దాన్ని తీసుకోం. మనకి కావలసిన గట్టు సరిగ్గా అందులోనే కనిపించదు. సర్వే లేకపోతే మేమే చేయిస్తాం, దాని ఖర్చు కొటేషన్లో వేరే లైనుగా చూపిస్తాం.