ఆ కండక్టర్ బాబాయ్ గారికి, ఇంకా అందరికీ థాంక్స్

నాన్న డిశ్చార్జ్ అయ్యాడు. నిద్రలేక కళ్ళు మండిపోతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి, ఇవాళ రాయకపోతే ఇంక రాయను.

తాగుడు గురించి డాక్టర్‌కి చూపించుకోమని నాన్నకి నేను ఉత్తరం రాసిన సంగతి చుట్టాలందరికీ తెలిసిపోయింది, దాచేదేం లేదు. రాసింది నేనే గానీ రాయించింది ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్ గారు. పేరు పెట్టొద్దన్నారు, పెట్టట్లేదు.

ఆయన్ని చూసింది ఆసుపత్రి ఓపీ బయట బెంచీ మీద. పేషెంట్ లేకుండా ఎందుకొచ్చావమ్మా అని లోపల కసిరి పంపేశారు. రాని మనిషిని ఎలా రప్పించాలో అడగడానికే కదండీ వెళ్ళింది! ఏడుస్తూ కూర్చుంటే పక్కనాయన మంచినీళ్ళ బాటిల్ ఇచ్చి, "ఎవరమ్మా, నాన్నా?" అన్నారు. అంతే, మొత్తం చెప్పేశా. బ్యాగులో ఉన్న ఉత్తరం కూడా చూపించా. అందులో చివర "రేపట్నించి చుక్క ముట్టనని నా మీద ఒట్టెయ్యి" అని ఉంది, అత్తయ్య రాయమంది.

ఆయన ఆ లైను మీద వేలు పెట్టి, ఇంతకుముందు ఎప్పుడైనా ఒక్కసారిగా మానేశాడా అని అడిగారు. మానేశాడు, పోయిన కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్న రెండో రోజు ఫిట్స్ వచ్చి పడిపోయాడు, దీక్షలో ఏదో అపచారం జరిగిందన్నారు ఊళ్ళో. "అపచారం కాదు తల్లీ, రోజూ తాగే ఒంటికి ఉన్నట్టుండి ఆపేస్తే వస్తాయి, నాకూ వచ్చాయి" అన్నారు. తర్వాత డాక్టర్ గారూ అదే చెప్పారు, చివరి పెగ్గు తర్వాత మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ భయం ఎక్కువ, రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు కొందరికి మతి తప్పి లేనివి కనబడతాయి, ప్రాణం కూడా పోవచ్చు. మా నాన్నది రోజుకి రెండు క్వార్టర్లు, పొద్దున లేవగానే కాస్త పడితే గానీ గ్లాసు పట్టుకోలేడు. అలాంటాయనతో ఒట్టేయించుకుని ఇంట్లో కూర్చోబెడితే ఏమయ్యేదో!

ఆ బెంచీ మీదే మళ్ళీ రాశాం. తాగుబోతు అనే మాట తీసేయించారు, అమ్మ కష్టాల లిస్టు తీసేయించారు, ఆయనకి తెలియనిదా అన్నారు. నువ్వు కళ్ళతో చూసిందే రాయి, ఒక్కటే అడుగు అన్నారు. చివరికి మిగిలింది ఇంతే: "నాన్నా, పొద్దున్నే నువ్వు చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నావు. మాల వేసుకున్నప్పుడు ఫిట్స్ వచ్చింది తాగుడు ఒక్కసారిగా ఆపినందుకు. నీ అంతట నువ్వు ఆపొద్దు. సోమవారం నాతో డాక్టర్ దగ్గరికి రా, ఎంత తాగుతావో నిజం చెప్పు చాలు." రాత్రి తాగి ఉన్నప్పుడు ఇవ్వొద్దు, పొద్దున ఒణుకు తగ్గాక ఇవ్వమన్నారు.

నాన్న చదివి మడిచి జేబులో పెట్టుకుని, "డాక్టరెందుకు, నేనే మానేస్తా" అన్నాడు. అక్కడే నా పని అయిపోయింది. కండక్టర్ గారికి ఫోన్ చేస్తే ఆయన బస్సెక్కి మా ఊరొచ్చి అరుగు మీద నాన్న పక్కన కూర్చుని, "నేనూ మాలలోనే మానేవాణ్ణి అన్నా, మాల తీసిన రోజు సాయంత్రమే మళ్ళీ మొదలు" అని టీ తాగారు. నీతులు చెప్పలేదు. ఛార్జీలిస్తే తీసుకోలేదు. ఎవరండీ ఆయన మాకు? ఇది టైప్ చేస్తుంటే కూడా ఏడుపాగట్లేదు.

సోమవారం నాన్న వచ్చాడు. జనరల్ మెడిసిన్ వాళ్ళు సైకియాట్రీకి పొమ్మన్నారు, వాళ్ళేమో ముందు లివర్ చూపించుకు రమ్మన్నారు, చేతులు ఒణుకుతున్న మనిషిని మెట్లెక్కించి దింపారు. చివరికి అడ్మిట్ చేసుకుని గ్లూకోజ్ కంటే ముందు బీ1 విటమిన్ ఇంజెక్షన్ ఇచ్చారు, లివర్ బాలేదని ఫిట్స్ రాకుండా మామూలుగా ఇచ్చే మాత్ర కాకుండా లోరాజెపామ్ పెట్టి రోజురోజుకీ డోసు తగ్గించుకుంటూ వచ్చారు. ఫిట్స్ రాలేదు. ఇన్సూరెన్స్ వాళ్ళు మాత్రం మందు కేసు అని పైసా ఇవ్వలేదు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా జబ్బు కిందే లెక్క, మిగతా జబ్బులతో సమానంగా ఇన్సూరెన్స్ ఉండాలని రాసుంది, మా పాలసీలో మాత్రం మినహాయింపని ఉంది. సీసా మీద పన్ను తీసుకునేటప్పుడు ఏ మినహాయింపూ ఉండదు.

ఇంకా మానేశాడని చెప్పను, వచ్చే వారం మళ్ళీ చూపించాలి. అమ్మ, తమ్ముడు, మా ఆయన ఉన్నారు, వాళ్ళ గురించి వేరే చెప్పాలా. రాత్రి నాన్న లేచి తిరుగుతుంటే కూర్చోబెట్టిన నర్సమ్మకి థాంక్స్. గేదెల పాలు పితికిన పక్కింటి వదినకి కూడా. అయ్యో, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 కి ఫోన్ చేస్తే తెలుగులో ఓపిగ్గా మాట్లాడిన అమ్మాయికి, అర్ధరాత్రి మందుల షాపు తీయించిన ఆటో అబ్బాయికి... ఇంకా ఎవరినైనా మర్చిపోతే కింద తిట్టండి, కలుపుతా.