రిఫండ్ అప్రూవ్ అయ్యాక డబ్బు ఎక్కడ ఉంటుంది

"రిఫండ్ అప్రూవ్ అయిందని మీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. అకౌంట్‌లో మాత్రం రూపాయి పడలేదు. ఇంకా ఎన్నాళ్లు ఆగాలండీ?"

మా పూతరేకుల షాపుకు వాలెట్‌లోని డబ్బుతో కట్టినవాళ్లకు సాధారణంగా అదే రోజు, లేదంటే మర్నాడు వచ్చేస్తుంది. యూపీఐతో కట్టినవాళ్లకు ఎక్కువగా రెండు మూడు రోజుల్లో పడుతుంది. కార్డుతో కట్టినవాళ్లు 5 నుంచి 7 పనిదినాలు చూడాలి. క్యాష్ ఆన్ డెలివరీలో మా కొరియర్ కుర్రాడికి డబ్బు ఇచ్చినవాళ్లకు బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేస్తున్నాం. వివరాలు సరిగ్గా ఉంటే అది పంపిన రోజే చేరుతుంది.

ముసురు పట్టినప్పటి నుంచి ఆత్రేయపురం నుంచి పార్సిళ్లు ఆపేశాం. కొరియర్ బండ్లు తిరగకపోవడం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం తేమ. కుండ మీద తీసిన రేకు పొడిగా, గలగలలాడుతూ ఉంటేనే పూతరేకు. ఇలాంటి గాలిలో చుట్టి పెట్టెలో పెడితే మీ ఇంటికి చేరేసరికి నెయ్యీ పంచదారా కలిసి ముద్దలా అతుక్కుపోతుంది. అలాంటి సరుకు పంపడం మాకు ఇష్టం లేదు. అందుకే ఒకేసారి చాలా ఆర్డర్లు రద్దు చేశాం, ఒకేసారి చాలామందికి డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. రోజంతా ఫోన్లలో వినపడుతున్నది పైన రాసిన ప్రశ్నే కాబట్టి, అప్రూవ్ తర్వాత మీ డబ్బు ఏ దారిలో వస్తుందో ఉన్నదున్నట్టు చెబుతాను.

మీకు 'అప్రూవ్' మెసేజ్ వచ్చిందంటే, మీరు ఆన్‌లైన్‌లో కట్టిన డబ్బును మాకు చేర్చే పేమెంట్ గేట్‌వే కంపెనీ స్క్రీన్ మీద మేం రిఫండ్ బటన్ నొక్కామని అర్థం. డబ్బు కదిలిందని కాదు. గేట్‌వే ఈ డబ్బును మాకు రావాల్సిన అమ్మకాల సొమ్ములోంచి తీసి పంపుతుంది. మామూలు రోజుల్లో పది ఆర్డర్లు కొత్తగా వస్తాయి, ఒకటి రద్దవుతుంది కాబట్టి ఇబ్బంది ఉండదు. ముసురులో కొత్త ఆర్డర్లు లేవు, అన్నీ రద్దులే. అలాంటప్పుడు గేట్‌వేలో మా ఖాతా ఖాళీ అయిపోతుంది, రిఫండ్ 'పెండింగ్' అని ఆగిపోతుంది. అందుకని మా బ్యాంకు అకౌంట్ నుంచి గేట్‌వేకి డబ్బు పంపి, ఆగినవాటన్నిటినీ కదిలించాం. ఇప్పుడు అన్నిటికీ 'ప్రాసెస్డ్' అని చూపిస్తోంది. అంటే మా వైపు నుంచి వెళ్లిపోయింది, ఇక మీ బ్యాంకు చేతిలో ఉంది.

మా మాట నమ్మి ఊరుకోనక్కర్లేదు, మీరే తేల్చుకోవచ్చు. డబ్బు నిజంగా బయల్దేరితే దానికి ఒక నంబర్ పుడుతుంది. కార్డు రిఫండ్‌కి 23 అంకెల ఏఆర్ఎన్, యూపీఐకి 12 అంకెల ఆర్ఆర్ఎన్. ఏఆర్ఎన్ రావడానికి ఒకట్రెండు రోజులు పట్టవచ్చు. ఆ తర్వాత కూడా దుకాణదారు నంబర్ ఇవ్వలేకపోతే డబ్బు ఇంకా దుకాణం వైపో గేట్‌వే దగ్గరో ఉందని గట్టిగా అడగండి. మా విషయంలోనే కాదు, ఎక్కడైనా అంతే. ఒక్క మినహాయింపు ఉంది. కట్టిన కాసేపటికే ఆర్డర్ రద్దయితే, కార్డు మీద కట్టింది పూర్తిగా ఖాతాకెక్కకముందే రద్దయిపోతుంది. అప్పుడు ఏఆర్ఎన్ ఉండదు, కొత్తగా జమ కూడా కనిపించదు. కట్టినట్టున్న ఎంట్రీయే మాయమవుతుంది.

కార్డు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎక్కువమందికి టెన్షన్ అక్కడే. హైదరాబాద్ నుంచి ఒకావిడ క్రెడిట్ కార్డుతో ₹2,400 ఆర్డర్ పెట్టారు. రిఫండ్ గురువారం సాయంత్రం అప్రూవ్ అయింది. మంగళవారం ఫోన్ చేసి "ఆరు రోజులైందమ్మా" అన్నారు. మధ్యలో రెండో శనివారం, ఆదివారం పోతే అప్పటికి నడిచినవి మూడు పనిదినాలే. శుక్రవారం ఒకటి, సోమవారం రెండు, మంగళవారం మూడు. ఆ లెక్కన ఏడో పనిదినం తర్వాతి శనివారం. నెలలో రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు. సంక్రాంతి లాంటి పండగ మధ్యలో పడితే ఇంకా జరుగుతుంది.

ఆవిడ చూస్తున్నది కూడా సేవింగ్స్ అకౌంట్‌లో. క్రెడిట్ కార్డు రిఫండ్ అక్కడికి రాదు, కార్డు ఖాతాకే జమ అవుతుంది. కార్డు యాప్‌లో లావాదేవీలు తెరిస్తే అంకె పక్కన 'Cr' అని ఉంటుంది. అక్కడ మా దుకాణం పేరుకు బదులు గేట్‌వే పేరు ఉండొచ్చు కాబట్టి పేరు కోసం కాక ₹2,400 కోసం వెతకమన్నాను. డెబిట్ కార్డైతే జమ నేరుగా ఆ కార్డున్న అకౌంట్‌కే వస్తుంది. మధ్యలో కార్డు మార్చుకున్నా ఫర్వాలేదు. అకౌంటే మూసేస్తే మాత్రం వెంటనే మాకు చెప్పండి.

ఆవిడకి ఇంకో చిక్కు వచ్చింది. రిఫండ్ పడేలోపే కార్డు బిల్లు తయారైపోయింది, అందులో మా ₹2,400 కూడా ఉంది. కట్టాలా, మానాలా? ఆఖరి తేదీలోపు రిఫండ్ జమైతే దాన్ని వెంటనే ఆ బాకీలో సర్దాలని రిజర్వ్ బ్యాంకు క్రెడిట్ కార్డు నిబంధనల్లో ఉంది. కాబట్టి ఆఖరి తేదీ ముందురోజు దాకా ఆగి యాప్‌లో చూడండి. జమైతే తగ్గిన మొత్తం కట్టండి. జమ కాకపోతే బిల్లు మొత్తం కట్టేయండి. మా మీద కోపంతో ₹2,400 మినహాయించి కడితే వడ్డీ మీకే పడుతుంది. కట్టేశాక రిఫండ్ వస్తే అది ఎక్కడికీ పోదు, కార్డులో మీ పేరున నిలిచి తర్వాతి బిల్లులో తగ్గుతుంది.

ఏడు పనిదినాలు దాటాక ఏఆర్ఎన్ మమ్మల్ని అడిగి తీసుకుని కార్డు వెనక ఉన్న కస్టమర్ కేర్ నంబర్‌కి చెప్పండి. ఊళ్లో బ్రాంచికి వెళ్తే, కార్డు లావాదేవీలు తమ దగ్గర కనపడవని తిప్పి పంపేయవచ్చు. అలాగే రిఫండ్ దారిలో ఉండగా బ్యాంకులో 'ఈ పేమెంట్ వివాదం' అని చార్జ్‌బ్యాక్ వేయకండి. రెండూ ఒకదానికొకటి అడ్డం పడి, తేలడానికి వారాలు పడుతుంది.

ఇక వాలెట్ అంటున్నవాళ్లలో చాలామంది కట్టింది అసలు వాలెట్‌తో కాదు. యాప్ ఒకటే కావచ్చు, అందులో డబ్బు వాలెట్ బ్యాలెన్స్‌లోంచి పోయిందా, యూపీఐ ద్వారా బ్యాంకులోంచి పోయిందా అన్నది వేరే విషయం. భీమవరం నుంచి ఒకాయన వాలెట్‌లో రాలేదని రెండుసార్లు ఫోన్ చేశారు. ఆయన చేత ఆ పాత పేమెంట్ తెరిపిస్తే 'డెబిటెడ్ ఫ్రమ్' అన్న చోట బ్యాంకు పేరుంది. పైగా ఆ తర్వాత యాప్‌లో వేరే బ్యాంకును మెయిన్ అకౌంట్‌గా మార్చుకున్నారు. రిఫండ్ కొత్తదానికి రాదు, ఆ రోజు ఏ అకౌంట్ నుంచి పోయిందో దానికే వస్తుంది. పాత అకౌంట్ స్టేట్‌మెంట్ తీస్తే రెండో రోజే పడి ఉంది, ఎస్ఎంఎస్ మాత్రం రాలేదు. అందుకే మెసేజ్ కోసం చూడకుండా స్టేట్‌మెంట్ చూడమంటున్నాను.

కొంత వాలెట్ నుంచి, మిగతాది బ్యాంకు నుంచి కట్టి ఉంటే రిఫండ్ కూడా రెండు ముక్కలుగా, వేర్వేరు రోజుల్లో వస్తుంది. మొదటి ముక్క చూసి మేం తక్కువ ఇచ్చామని అనుకోవద్దు. ఇంకో సంగతి, పూర్తి కేవైసీ చేయని వాలెట్‌లో పడిన డబ్బును బ్యాంకుకు మార్చుకోవడం కుదరదు, దాంతో కొనుక్కోవాల్సిందే.

బ్యాంకు ట్రాన్స్‌ఫర్ అన్నిటికంటే త్వరగా చేరుతుంది. ఐఎంపీఎస్ అయితే నిమిషాల్లో, నెఫ్ట్ అయితే అరగంటకోసారి బ్యాచ్‌గా రాత్రీ పగలూ సెలవు రోజుల్లోనూ వెళ్తుంది. తప్పు దొర్లేది కూడా ఇందులోనే, ఎందుకంటే వివరాలు చేత్తో కొట్టాలి. నరసాపురం నుంచి ఒక పెద్దాయన వాట్సాప్‌లో పాస్‌బుక్ ఫొటో పంపారు. ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ANDB తో మొదలైంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, ఆ శాఖల కోడ్‌లు UBIN తో మొదలయ్యేవిగా మారాయి. మన గోదావరి ఊళ్లలో ఆ పాత పాస్‌బుక్‌లు ఇంకా బీరువాల్లో ఉన్నాయి. ఫొటో పంపేముందు కోడ్ కొత్తదో కాదో చూడండి. కోడ్‌లో అయిదోది ఎప్పుడూ సున్నా, ఇంగ్లిష్ 'O' అక్షరం కాదు.

అకౌంట్ నంబర్‌లో ఒక్క అంకె తేడా వస్తే ఇంకా ప్రమాదం. జమ చేసేటప్పుడు బ్యాంకు చూసేది నంబరే, పేరు కాదు. అందుకే ఇప్పుడు పంపేముందు బ్యాంకు యాప్‌లో ఆ నంబర్‌కు ఎవరి పేరు వస్తుందో చూసి, ఆ స్క్రీన్‌షాట్ మీకు పంపి, 'అవును' అన్నాకే నొక్కుతున్నాం. దీనికి కాస్త ఆలస్యమైనా సహించండి.

"అంత త్వరగా చేరితే కార్డువాళ్లకూ అలాగే వేసేయొచ్చుగా" అని అడుగుతున్నారు. కట్టిన దారిలోనే రిఫండ్ ఇవ్వాలని, కస్టమర్ ప్రత్యేకంగా ఒప్పుకుంటేనే వేరే దారి అని గేట్‌వేలకు రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. పైగా ఇప్పటికే ప్రాసెస్ అయినవాటిని మేం వెనక్కి లాగలేం. రెండోసారి పంపితే ఒకే ఆర్డర్‌కి రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది.

ఆలస్యానికి రోజుకు ₹100 ఇవ్వాలంటూ కొందరు వాట్సాప్ ఫార్వర్డ్ పంపుతున్నారు. ఆ నియమం నిజమే, 2019 సెప్టెంబర్‌లో వచ్చింది. కాకపోతే అది ఫెయిలైన పేమెంట్లకు. అంటే మీ డబ్బు కట్ అయి, మాకు చేరక, ఆర్డర్ ఖాయం కాని సందర్భం. దుకాణానికి యూపీఐతో గానీ ఆన్‌లైన్‌లో కార్డుతో గానీ కట్టినవి అలా ఫెయిలైతే అయిదు రోజుల్లోపు దానంతటదే వెనక్కి రావాలి, దాటితే రోజుకు ₹100 మీరు అడగకుండానే జమ చేయాలి. మీకు ఆర్డర్ నంబర్ రాకుండా డబ్బు పోయి ఉంటే ఆ హక్కు మీది, బ్యాంకును అడగండి. ఆర్డర్ ఖాయమై తర్వాత రద్దయినవాటికి అది వర్తించదు.

ఏఆర్ఎన్ గానీ ఆర్ఆర్ఎన్ గానీ ఇచ్చినా బ్యాంకు పట్టించుకోకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, ఖర్చేం ఉండదు.

మమ్మల్ని అడిగేటప్పుడు ఆర్డర్ నంబర్, ఎలా కట్టారు, కార్డైతే చివరి నాలుగు అంకెలు పంపండి చాలు. పూర్తి కార్డు నంబర్, సీవీవీ, ఓటీపీ మేం అడగం. రిఫండ్ కోసం ఎదురుచూసేవాళ్లకే మోసగాళ్ల ఫోన్లు ఎక్కువ వస్తాయి. 'పూతరేకుల షాపు నుంచి, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది' అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ కొడితే మీ డబ్బు పోతుంది. ఇప్పటికే కొట్టేసి ఉంటే ముందు 1930కి ఫోన్ చేయండి, తర్వాత మాకు చేయండి.